బిల్లులో ఏది ముందు, ఏది తర్వాత?



మన ఊరి సంతలో బేరం కుదిరిందంటే అదే ఆఖరి ధర, దాని మీద ఇంకేమీ వెయ్యరు. ఇక్కడ దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్‌లలో ఏసీ హోటల్‌కి పోతే మెనూలో రేటు ఒకటి, కట్టేది ఇంకొకటి. మధ్యలో డిస్కౌంట్, సర్వీస్ ఛార్జి, జీఎస్టీ ఉంటాయి. ఈ మూడూ ఏ వరుసలో పడాలో తెలియకపోతే ఇంటి నుంచి వచ్చిన పైసలు ఊరికే పోతాయి.

మొన్న మా హాస్టల్‌లో ఒకరికి ఉద్యోగం వచ్చిందని ఆరుగురం కలిసి తిన్నం. తిన్నది 2000 రూపాయలకు. డిస్కౌంట్ 10 శాతం, సర్వీస్ ఛార్జి 5 శాతం, జీఎస్టీ 5 శాతం. బిల్లు 2005 వచ్చింది. వాళ్లు 2000 మీద సర్వీస్ ఛార్జి 100 వేసి, ఆ 2100 మీద జీఎస్టీ 105 వేసి, చివర్లో డిస్కౌంట్ 200 తీసిన్రు.

సరైన వరుస ఇది. ముందు డిస్కౌంట్ తీస్తే 1800. దాని మీద సర్వీస్ ఛార్జి 90 కలిపితే 1890. దాని మీద జీఎస్టీ 94.50. మొత్తం 1984.50. తేడా 20.50.

"డిస్కౌంట్ ముందు తీసినా తర్వాత తీసినా ఒకటే కదా" అని మాలో ఒకరు అన్నరు. 2205 మొత్తం మీద 10 శాతం తీస్తే నిజంగానే 1984.50 వస్తది. కానీ వాళ్లు తీసింది తిండి మీది 200 మాత్రమే. పైగా బిల్లులోనే చూపించిన డిస్కౌంట్ మీద పన్ను పడదని సీజీఎస్టీ చట్టం 15వ సెక్షన్ చెప్తది. అంటే మనం కట్టని 200 మీద కూడా మన దగ్గర పన్ను తీసుకున్నట్టే.

కౌంటర్ దగ్గర అడిగితే "సిస్టమ్ అట్లనే తీస్తది" అన్నడు. సిస్టమ్‌లో వరుస పెట్టేది మనుషులే కదా! లెక్క కాగితం మీద రాసి చూపించినం. సర్వీస్ ఛార్జి కూడా తీసెయ్యమన్నం. అది ప్రభుత్వానికి పోయే పన్ను కాదు, హోటల్ తీసుకునేది. బలవంతంగా వెయ్యొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్నే సమర్థించింది. అది తీసేస్తే దాని మీది జీఎస్టీ కూడా పోవాలి. 1800కి జీఎస్టీ 90, మొత్తం 1890. మళ్లీ బిల్లు కొట్టిచ్చిన్రు, తలా 315 కట్టినం.

హోటల్ బిల్లు చూసేటప్పుడు ఒక చిన్న గుర్తు. 5 శాతం జీఎస్టీ అంటే సీజీఎస్టీ 2.5, ఎస్‌జీఎస్టీ 2.5. బిల్లులో సీజీఎస్టీ ఎంతుందో దాన్ని 40తో గుణించండి. వచ్చినదే వాళ్లు పన్ను వేసిన మొత్తం. మా మొదటి బిల్లులో 52.50 ఉంది, 40తో గుణిస్తే 2100. అంటే డిస్కౌంట్ తీయకముందే పన్ను వేసిన్రని అక్కడే తెలిసిపోయింది. అడిగినా సరిచెయ్యకపోతే బిల్లు ఫొటో తీసి పెట్టుకుని 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.