అదనపు పేజీకి అయిదు వందలు

"పనిలో పనిగా ఇది కూడా చేసెయ్యమ్మా." విజయవాడలో ఇంటి దగ్గర నుంచే పుస్తకాల పేజీ మేకప్ చేసే నాకు ఈ మాట దాదాపు ప్రతి పనిలోనూ వినిపిస్తుంది. అనేవాళ్లు మంచివాళ్లే, అడిగేది కూడా విడిగా చూస్తే చిన్నదే. అయితే అలాంటివి మూడు కలిస్తే ఒప్పుకున్న ధర చేతికి వచ్చేసరికి ఎంత తరుగుతుందో, ఆ తరుగును ఒక్క మెయిల్‌తో ఎలా ఆపవచ్చో ఒక పని లెక్కతో చెబుతాను.

అది ఒక హైస్కూల్ పూర్వ విద్యార్థుల సంఘం వేసిన స్వర్ణోత్సవ సావనీర్. ఎ4 సైజు, 96 పేజీలు. వ్యాసాలు వాళ్లే టైపు చేయించి ఇస్తారు, ఫొటోలు వాళ్లే పంపుతారు. కవర్ డిజైన్, లోపలి పేజీలు, రెండు ప్రూఫుల దిద్దుబాట్లు నావి. మొత్తం 48,000 రూపాయలు, అందులో సగం అడ్వాన్సు. ఈ వివరాలన్నీ కొటేషన్‌లో రాసి పంపాను. కార్యదర్శి గారు "ఓకే" అని జవాబిచ్చారు. ఆ "ఓకే" తర్వాత చాలా పనికొచ్చింది.

ఈ పనికి ఎనభై గంటలు పడుతుందని నా అంచనా. అంటే గంటకు 600. నా కనీస ధర గంటకు 500. ఇంటి ఖర్చు 30,000, ఆరోగ్య బీమాకూ పొదుపుకూ కలిపి 12,000, కంప్యూటర్, సాఫ్ట్‌వేర్, కరెంటు, నెట్ వగైరాలకు 8,000, వెరసి నెలకు 50,000 కావాలి. నాకు పీఎఫ్ జమ చేసే యజమాని లేడు, జీతంతో కూడిన సెలవూ లేదు కాబట్టి ఆ పన్నెండు వేలను ఖర్చు కిందే రాసుకుంటాను. ఇక గంటల సంగతి. నెలలో ఎంత కూర్చున్నా బిల్లు వేయగలిగేవి వంద గంటలే. మిగతా సమయం కొటేషన్లకు, ఫోన్లకు, ప్రెస్సుకు తిరగడానికి, బాకీలు అడగడానికి పోతుంది. యాభై వేలను వందతో భాగిస్తే వచ్చేదే ఆ 500. అంతకన్నా తగ్గితే ఆ నెల పొదుపులోంచి తీసి తినాల్సిందే.

మొదటి ప్రూఫు వెళ్లాక కోరికలు మొదలయ్యాయి. ముందుగా పూర్వ విద్యార్థుల డైరెక్టరీ. పేరు, బ్యాచ్, ఊరు, చిరునామా, ఫోన్ నంబరు, చిన్న ఫొటో కలిపి 24 పేజీలు. తర్వాత ఆహ్వాన పత్రిక, వేదిక మీద కట్టే ఫ్లెక్సీ. ఆఖరున, కమిటీ చూసి సరే అన్న పేజీల్లో సందేశాల వరుస మార్చి, కొత్తగా వచ్చిన రెండు సందేశాలు ముందుకు తేవాలన్నారు. డైరెక్టరీకి పదహారు గంటలు, ఆహ్వానం, ఫ్లెక్సీలకు ఆరు, వరుస మార్పుకు పది పడతాయని లెక్కేశాను. సందేశాలు కదిలితే వెనకున్న పేజీ నంబర్లు, విషయసూచిక, ప్రకటనల చోటు అన్నీ కదులుతాయి మరి. అంటే ఎనభై గంటల పని నూట పన్నెండు అవుతుంది. 48,000ను 112తో భాగిస్తే గంటకు 428. నా కనీస ధర కన్నా డెబ్బై రూపాయలకు పైగా తక్కువ.

డైరెక్టరీకి నేను పెట్టిన గంటలు ఎక్కువని ఎవరికైనా అనిపించవచ్చు. అందులో మొదటి చిక్కు ఫొటోలు. అవన్నీ వాట్సాప్‌లో మామూలుగా పంపినవి, అంటే బాగా కుదించినవి. కొన్నయితే గ్రూపు ఫొటోలోంచి కత్తిరించిన ముఖాలు. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు ఉండాలి కాబట్టి ఒక్కో ముఖం అంగుళం సైజులోనైనా తేటగా వస్తుందా అని విడివిడిగా చూడాలి. ఇంక కొందరి వివరాలు పాత అను ఫాంట్లలో, కొందరివి యూనికోడ్‌లో వచ్చాయి. మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి. పేరులో ఒత్తు పోతే ఆ మనిషి జీవితాంతం గుర్తుపెట్టుకుంటాడు. ఫోన్ నంబరులో ఒక అంకె తప్పితే ఆ వరుసే దండగ.

ఈ కోరికలు ఫోన్లో విన్నప్పుడు మాత్రం అవుననీ కాదనీ చెప్పలేదు. "మెయిల్ పెడతాను సార్, కమిటీలో చూసి చెప్పండి" అన్నాను. ఆ రోజే కూర్చుని రాశాను. చిరాకు మీదున్నప్పుడు రాసిన మొదటి ప్రతి ఇలా వచ్చింది.

"మనం ముందు అనుకున్నదొకటి, మీరు ఇప్పుడు అడుగుతున్నదొకటి. ప్రతిసారీ ఇలా కొత్త పనులు చేరిస్తే నేను చేయలేను. ఒప్పందంలో లేనిదేదీ చేయడం కుదరదు."

ఇందులో అబద్ధం లేదు. కానీ చదివిన పెద్దమనిషి మనసు డైరెక్టరీ మీద ఉండదు, "ప్రతిసారీ" అన్న చోట ఆగిపోతుంది. పైగా ఎంత ఇస్తే చేస్తానో, ఎప్పటికి ఇస్తానో ఇందులో లేదు. ఆయన కమిటీ ముందు పెట్టి తీర్మానించడానికి ఒక్క అంకె కూడా లేదు. అది చెరిపేసి మర్యాదగా ఇంకోటి రాశాను.

"ఏమీ అనుకోకండి సార్, అడగడానికి ఇబ్బందిగా ఉంది. డైరెక్టరీ కొంచెం ఎక్కువ పని అవుతోంది. మీకు వీలైతే, మీకు తోచినంత ఏమైనా కలిపి ఇస్తే బాగుంటుంది."

ఇది మొదటిదానికన్నా ఎక్కువ నష్టం. తోచినంత అన్నాక రెండు వేలు ఇచ్చినా పుచ్చుకోవాలి, ఆ తర్వాత నోరెత్తే వీలుండదు. అందుకని ఆప్యాయతనూ లెక్కనూ వేరు చేశాను. ఆప్యాయత పలకరింపులో, వాళ్ల అవసరాన్ని అర్థం చేసుకోవడంలో పెట్టాను. ధర, తేదీ చెప్పే వాక్యాల్లో ఒక్క మెత్తని మాట కూడా ఉంచలేదు. పంపిన మెయిల్ ఇది.

"నమస్కారం సార్. డైరెక్టరీ ఆలోచన చాలా బాగుంది. యాభై ఏళ్ల బ్యాచులు ఒక్కచోట దొరికితే అందరూ దాచుకుంటారు.

మన కొటేషన్‌లో 96 పేజీలు, కవరు, రెండు ప్రూఫుల దిద్దుబాట్లు ఉన్నాయి. కొత్తగా అడిగినవాటి వివరం ఇది. డైరెక్టరీ 24 పేజీలు, పేజీకి 500 చొప్పున 12,000. ఫ్లెక్సీ డిజైన్ 2,500. ఆమోదించిన పేజీల్లో వరుస మార్పు 5,000. ఆహ్వాన పత్రిక 1,500, స్కూలు మీద గౌరవంతో అది నా తరఫున తగ్గిస్తున్నాను. మొత్తం 19,500.

ఇవన్నీ ఇప్పుడే కావాలంటే ప్రెస్సుకు ఫైలు 10వ తేదీకి బదులు 17న ఇస్తాను. సభ 28న కాబట్టి అచ్చుకు, బైండింగుకు పదకొండు రోజులు ఉంటాయి. లేదా 96 పేజీల సావనీర్‌ను 10నే ఇచ్చేసి, డైరెక్టరీని సభ తర్వాత ఇదే ధరకు విడి పుస్తకంగా చేస్తాను.

నా వైపు నుంచి దొర్లిన తప్పులుంటే ఎప్పుడు కనిపించినా చెప్పండి, వాటికి డబ్బు తీసుకోను. గురువారం లోపు ఏ దారో తెలియజేస్తే, అదనపు మొత్తంలో సగం అందగానే మొదలుపెడతాను."

రాశాక ఒక్కో వాక్యం ఎందుకుందో మళ్లీ చూసుకున్నాను. పేజీకి 500 అన్నది 48,000ను 96తో భాగిస్తే వచ్చేదే. ఆయన ముందే ఒప్పుకున్న ధర కాబట్టి కొత్తగా బేరం పెట్టినట్టు ఉండదు. తేదీ చెప్పకుండా ధర ఒక్కటే చెబితే డబ్బు ఇచ్చి కూడా పదో తేదీకే కావాలంటారు. ఆహ్వాన పత్రికను ఊరికే చేసిస్తానని రాసి వదిలేయలేదు. విలువ వేసి, తగ్గించి చూపాను. విలువ కనిపించని పనిని వచ్చే ఏడు వార్షికోత్సవానికి హక్కుగా అడుగుతారు. నా తప్పులకు డబ్బు తీసుకోనన్న వాక్యం మీద నాకు చాలా పట్టింపు. ఫాంటు మారుస్తుంటే చెదిరిన ఒత్తు నా బాధ్యత, ఆమోదించాక మనసు మార్చుకున్న వరుస వాళ్లది. ఈ గీత స్పష్టంగా లేకపోతే నిజాయితీగా డబ్బు అడిగినా అవతలివాళ్లకు వడ్డింపులాగే కనిపిస్తుంది.

మర్నాడు కార్యదర్శి గారు ఫోన్ చేశారు. కోపం లేదు. "డైరెక్టరీకి పన్నెండంటే మా కోశాధికారి ఒప్పుకోవడం లేదమ్మా, ఎనిమిదికి చెయ్యి" అన్నారు. అక్కడ ధర తగ్గించి ఉంటే మెయిల్ రాసిన ఫలితం పోయేది. పని తగ్గిద్దామన్నాను. "ఫొటోలు, చిరునామాలు తీసేసి పేరు, బ్యాచ్, ఊరు, ఫోన్ ఉంచుదాం సార్. పదహారు పేజీల్లో సరిపోతుంది, ఎనిమిది వేలే అవుతుంది." పద్దెనిమిదో ఇరవయ్యో కాకుండా పదహారు అనడానికి కారణం ఉంది. ఈ సైజులో ఫారానికి ఎనిమిది పేజీలు. 96 అంటే పన్నెండు ఫారాలు, 112 అయితే సరిగ్గా పద్నాలుగు. నడుమ ఆగితే ఖాళీ పేజీలకు కూడా వాళ్లే కాగితం డబ్బు కట్టాలి. అది వివరించాక ఆయన వెంటనే ఒప్పుకున్నారు. సందేశాల వరుస మార్పు ఖర్చు విన్నాక కమిటీయే దాన్ని వదిలేసింది. కొత్త సందేశాలు రెండూ చివరి ప్రకటనల ముందు సర్దుకున్నాయి.

చివరికి డైరెక్టరీకి 8,000, ఫ్లెక్సీకి 2,500 కలిసి బిల్లు 58,500 అయింది. ఫొటోలు లేవు కాబట్టి డైరెక్టరీ పది గంటల్లో తేలింది, ఫ్లెక్సీ, ఆహ్వానాలకు ఆరు పట్టింది. మొత్తం తొంభై ఆరు గంటలు. గంటకు 609.

ఈ పద్ధతి ప్రతిచోటా నడవదు. అదనపు పని చేసి పంపేశాక ఇలాంటి మెయిల్ రాస్తే అది అభ్యర్థన అవుతుంది, ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్ల ఇష్టం. మొదటి కొటేషన్‌లో పేజీలు, ప్రూఫుల సంఖ్య రాయకపోతే దేనికన్నా అదనమో చూపించలేం. మెయిల్ అందుకునే వ్యక్తికి డబ్బు మంజూరు చేసే అధికారం లేకపోతే, ఆయన ఎంత మంచివాడైనా జవాబు రాదు. అలాంటప్పుడు కోశాధికారికి కూడా ప్రతి పంపమని అడుగుతాను. చెప్పిన గడువులోగా జవాబు రాకపోతే పాత ఒప్పందం ప్రకారమే ఫైలు పూర్తి చేసి ఇచ్చేస్తాను, కొత్త పని ముట్టుకోను.

ఆ సావనీర్ తర్వాత నా కొటేషన్‌లో మొత్తం ధర కిందే మూడు వరుసలు చేర్చాను. అదనపు పేజీకి ఎంత, మూడో ప్రూఫు నుంచి పేజీకి ఎంత, ఆమోదించాక వరుస మారిస్తే గంటకు ఎంత. ఇప్పుడు చాలామంది ఆ వరుసలు చూసి, డైరెక్టరీ లాంటివి ఏమైనా ఉంటే మొదటి రోజే చెప్పేస్తున్నారు.