చెల్లె పంపిన ఫొటోలు

2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు మా ఇంట్లకొచ్చింది. మేము ఇబ్రహీంపట్నం హాస్టల్ నుంచి పోయేసరికి ఫ్రిజ్ బురదలో బోర్లా పడి ఉంది. ఇంటి లోనుతో భారత్ గృహ రక్ష పాలసీ ఉందని, అందులో సామాన్లకు కూడా బీమా ఉంటదని బ్యాంకుకు పోయినాకనే తెలిసింది.

సర్వేయర్ వచ్చి "ఏమేం ఉండె?" అని అడిగిండు. బిల్లులు కొట్టుకపోయినయి, బురద చూపిస్తే లెక్క తేలదు. అప్పుడు మా వాట్సాప్ తెరిచినం. ఉగాదికి సున్నం వేసినంక చెల్లె ఒక్కో గదిని ఫొటో తీసి మాకు పంపింది, ఇల్లు యాదికొస్తుందని. మెసేజ్ మీద ఏప్రిల్ తేదీ ఉంది. టీవీ, ఫ్రిజ్, కుట్టు మిషన్, బీరువా అన్నీ కనబడ్డయి. వాటి ధరలకు షాపు నుంచి కొటేషన్ తెచ్చి ఇచ్చినం, క్లెయిమ్ వచ్చింది.

బీరువా తలుపు మూసే ఉండె. లోపలి చీరలకు మాత్రం ఏం రాలే. "తలుపు తెరిచి తియ్యకపోతివి" అని యాడి ఇప్పటికీ చెల్లెను అంటది.