బంగినపల్లి కోతకొచ్చింది, ఈ ఆదివారం బెజవాడలో ఇస్తాం

నూజివీడు తోటల్లో మా రైతు సంఘం ఈ శుక్రవారం బంగినపల్లి కోస్తోంది. అయిదు కిలోల పెట్టె 450 రూపాయలు. సైజును బట్టి పన్నెండు నుంచి పద్నాలుగు కాయలు వస్తాయి.

కావలసినవారు గురువారం రాత్రిలోపు ఈ పేజీకి మెసేజ్‌లో పేరు, ఎన్ని పెట్టెలో రాయండి. వచ్చిన ఆర్డర్ల మేరకే కోస్తాం. ఆదివారం పొద్దున 7 నుంచి 10 వరకు బెంజి సర్కిల్ దగ్గర మా వ్యాన్ ఉంటుంది. సరిగ్గా ఏ చోటో శనివారం మెసేజ్ పెడతాం. డబ్బు పెట్టె తీసుకున్నాకే ఇవ్వండి.

ఒక్క మాట. మేమిచ్చేది పచ్చికాయ. కార్బైడ్‌తో మగ్గబెట్టిన కాయ పైకి పసుప్పచ్చగా మెరుస్తుంది గానీ, కోస్తే లోపల పుల్లగా, గట్టిగా ఉంటుంది, వాసన రాదు. ఆ పద్ధతిని చట్టమే నిషేధించింది. అందుకే ఇంట్లో దానంతటదే మగ్గేలా, తొడిమ పక్కన భుజాలు నిండిన కాయనే చిక్కంతో దించి, కొంచెం తొడిమ ఉంచి, సొన కారాక పెట్టెలో సర్దుతున్నాం. లేత కాయ మగ్గదు, ముడతలు పడుతుంది.

ఇంట్లో ఎండుగడ్డిలో గానీ, పేపర్లో గానీ ఒక వరుసగా పరచండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. అయిదారు రోజులకు వాసన వస్తుంది. రోజూ చూసి, మగ్గినవి ముందు తినండి. ముడతలు పడ్డ కాయ ఉంటే ఫొటో పంపండి, వచ్చే ఆదివారం మార్చి ఇస్తాం.