ఫొటో ఎవరిదో తేలాకే లాప్‌టాప్ సంగతి



మేం బాలాపూర్‌లో ఒకే హాస్టల్ రూంలో ఉండే నలుగురం. మా నలుగురి ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ప్రాజెక్టు పనికి నలుగురికీ కలిపి ఒక పాత లాప్‌టాప్ కొందామనుకున్నాం. ఇంటి నుంచి వచ్చిన తునికాకు పైసలు, సెలవుల్లో క్యాటరింగ్‌కు పోయి తెచ్చినవి అన్నీ కలిపితే 14,000 అయినయ్.

పాత సామాన్లు అమ్మే ఒక యాప్‌లో 12,500కు ఒకటి కనిపించింది. అమ్మేటాయన, "నేను శంషాబాద్ ఎయిర్‌పోర్టులో సీఐఎస్ఎఫ్ జవాన్‌ని, ట్రాన్స్‌ఫర్ అయింది, ఆదివారం లోపల ఇచ్చేయాలి" అన్నడు. ఎయిర్‌పోర్టుకు కాపలా ఉండేది సీఐఎస్ఎఫే, అదీ మాకు దగ్గరే. అందుకే నమ్మబుద్ధయింది. ఐదు ఫొటోలు పంపిండు. రెండు రాత్రులు వాటినే చూస్తూ కూర్చున్నాం. మూత మీద గీత ఉంది, పర్వాలేదు. స్పేస్ బార్ మెరుస్తోంది, అంటే బాగా వాడిండ్రు. 500 తగ్గించమందామా? ఇవే లెక్కలు. మూడో రోజు గేట్ పాస్ కోసమని 3,000 అడ్వాన్స్ అడిగిండు.

సీనియర్ అక్కకు ఫోన్‌లో చూపిస్తే ఆమె లాప్‌టాప్ వైపు చూడనే లేదు. "గీతల సంగతి తర్వాత. ముందు ఈ ఫొటోలు ఆయన తీసినవేనా?" అని అడిగింది.

ఆమె చెప్పినట్టే చేసినం. ఫొటోను ఫోన్‌లో సేవ్ చేసి గూగుల్ లెన్స్‌లో తెరిచినం. యాప్‌లో సేవ్ కాకపోతే స్క్రీన్‌షాట్ తీసి, ధర, బటన్లు, పేరు కనిపించే భాగం కత్తిరించి, ఫొటో ఒక్కటే మిగల్చాలి. మొదటి ఫొటో వెతికితే అదే మోడల్ లాప్‌టాప్‌లు బోలెడు వచ్చినయ్. "అయితే ఏం లేదు" అని సంతోషపడ్డాం. అక్క ఆపింది. అలాంటి లాప్‌టాప్ దొరకడం వేరు, అదే ఫొటో దొరకడం వేరు. లెన్స్‌లో "Exact matches" అనే చోట చూడాలి, అన్ని ఫొటోలూ వెతకాలి అంది. లాప్‌టాప్ ఒక్కటే కనిపించే ఫొటో కన్నా వెనక మంచం, గోడ, దుప్పటి కనిపించే ఫొటో పనికొస్తది. ఒకే మోడల్ లాప్‌టాప్‌లు వేలల్లో ఉంటయ్, కానీ అదే మడతలో అదే దుప్పటి ఇంకోటి ఉండదు.

మూడో ఫొటోకు దొరికింది. వేరే రాష్ట్రంలో పాత కంప్యూటర్లు అమ్మే ఒక షాపు పేజీలో రెండేళ్ల కిందట పెట్టిన ఫొటో అది. అదే నీలి పూల దుప్పటి, మూత మీద అదే గీత. అక్కడ ఫొటో పెద్దగా ఉంది, కింద షాపు పేరు కూడా ఉంది. మాకు వచ్చినదాంట్లో ఆ కింది భాగం కత్తిరించి ఉంది.

అప్పుడు అర్థమైంది. మేం రెండు రాత్రులు చేసిన లెక్కలు తప్పేం కాదు. కానీ అవి ఎప్పుడో, ఎక్కడో అమ్ముడుపోయిన ఇంకొకరి లాప్‌టాప్ గురించి. ఆయన దగ్గర వస్తువే లేనప్పుడు గీత చిన్నదైతే ఏంది, పెద్దదైతే ఏంది? నిజమైన ఫొటో ఎత్తుకొస్తే గీతలు కూడా నిజంగానే ఉంటయ్. ఎంత దగ్గరగా చూస్తే అంత నమ్ముతాం.

ఇందులో రెండు జాగ్రత్తలున్నయ్. ఫొటో దొరికినంత మాత్రాన మోసం అనలేం. ఒకే మనిషి రెండు చోట్ల అమ్మకానికి పెట్టి ఉండొచ్చు, కొందరు బద్ధకంతో కంపెనీ ఫొటో పెడతరు. అందుకే ఊరు, తేదీ, పేరు పోల్చి చూడాలి. దొరకకపోతే మంచోడనీ అనలేం. వాట్సాప్‌లో, కొన్ని యాప్‌ల లోపల ఉన్న ఫొటోలు సెర్చ్‌కు అందవు. కొందరు ఫొటోను అద్దంలో లెక్క ఎడమ కుడి తిప్పి పెడతరు. కాబట్టి దాన్ని తిరగేసి మళ్లీ ఒకసారి వెతకాలి.

తర్వాత ఆయన్ని ఒక్కటే అడిగినం: "కాగితం మీద ఇవాళ్టి తేదీ, మా రూం నంబర్ రాసి, లాప్‌టాప్ పక్కన పెట్టి ఫొటో పంపండి." యూనిఫాంలో ఉన్న ఐడీ కార్డు ఫొటో పంపిండు. అది కూడా ఎవరిదో. మేం పైసా పంపలేదు. మీలో ఎవరైనా ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

నెల తర్వాత ఇంకొకరి దగ్గర కొన్నాం. ఆయన ఫొటోలు ఎక్కడా దొరకలేదు, అడగంగనే కాగితం పెట్టి ఫొటో పంపిండు. అయినా నలుగురం పోయి, ఆన్ చేసి చూసినం. బ్యాటరీ అరగంట కూడా ఆగలే. 1,500 తగ్గించి ఇచ్చిండు. వస్తువు మంచిచెడ్డలు ఏ సెర్చూ చెప్పదు, చేతిలోకి తీసుకుని చూడాల్సిందే.

ఇంట్లో చెప్తే బాపు నవ్విండు. "అంగడిలో ఎద్దు పళ్లు చూసే ముందు అది ఎవరిదో అడుగుతం గదరా" అన్నడు.