నా నోట్స్‌లో తప్పు, 41లో దొరికింది

పోయిన సెమిస్టర్ క్రిప్టో ల్యాబ్‌కి నేను రాసిన పీడీఎఫ్ మా జూనియర్ల గ్రూపులో బాగా తిరిగింది. అందులో డిఫీ-హెల్మన్ దగ్గర ఒక లైన్ ఉంది: "g కి 2 గానీ 3 గానీ తీసుకోండి, సరిపోతుంది." నేను ఊరికే రాయలేదండీ. మా ల్యాబ్‌లో ఇచ్చిన ప్రధాన సంఖ్యలు 11, 13, 19. మూడింటికీ 2 పనిచేసింది. మూడుసార్లు పనిచేస్తే ఇంక ఎప్పుడూ పనిచేస్తుందనుకోవడం మన ఇంజనీరింగ్ అలవాటు.

ఈసారి ఎక్స్‌టర్నల్‌లో p = 41 ఇచ్చారు. నా నోట్స్ చదువుకున్న ఒక జూనియర్ g = 3 పెట్టింది. ఒకరి రహస్య సంఖ్య 5, ఇంకొకరిది 13. ప్రోగ్రామ్ రన్ చేస్తే ఇద్దరి పబ్లిక్ కీ కూడా 38 వచ్చింది. "రెండు వేర్వేరు రహస్యాలకి ఒకే కీ ఎలా వచ్చిందమ్మా?" అని ఎగ్జామినర్ అడిగితే పాపం ఏం చెబుతుంది? సాయంత్రం మెసేజ్ పెట్టింది: "అన్నా, మీ నోట్స్‌లో ఇలా ఉంది, ఎందుకు తప్పయింది?" మార్కులు పోయాయని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కాగితం మీద 3 ఘాతాలు వేసుకుంటూ పోయాను. 3, 9, 27, తర్వాత 81. రెండు 41లు 82 కాబట్టి 81 అంటే −1. అంటే 3^4 = −1, 3^8 = 1. ఎనిమిది అడుగులకే మొదటికొచ్చేసింది. అందుకే 5, 13 రెండూ ఒకటే అయ్యాయి, తేడా 8 కదా. ఎంత పెద్ద రహస్యం పెట్టుకున్నా బయటికొచ్చే కీలు ఎనిమిదే. దొంగ ఎనిమిదిసార్లు ఊహిస్తే చాలు. ఇలా 1కి చేరడానికి పట్టే అడుగుల సంఖ్యే 'ఆర్డర్'. 2ని చూస్తే 2^10 = 1024 = −1, కాబట్టి దాని ఆర్డర్ 20. అదీ సగమే. మనకి కావలసింది 1 నుంచి 40 దాకా అన్నీ తిరిగొచ్చే సంఖ్య, ఆర్డర్ 40 ఉన్నది. దాన్నే ప్రిమిటివ్ రూట్ అంటారు.

అప్పుడు నాకు ఇంకో భయం పట్టుకుంది. అసలు 41కి అలాంటిది ఉందని గ్యారంటీ ఏంటి? మా రూమ్మేట్ మ్యాథ్స్ పిచ్చోడు. అడిగితే పడుకునే సమాధానం చెప్పాడు.

"మాడ్యులో 8 చూడరా ముందు. 1, 3, 5, 7. ఏది స్క్వేర్ చేసినా 1 వస్తుంది. అక్కడ ప్రిమిటివ్ రూట్ లేదు. ఎందుకు లేదో చెప్పు."

చెప్పలేకపోయాను. లేచి కూర్చున్నాడు. x^2 = 1 అనే సమీకరణానికి అక్కడ నాలుగు మూలాలున్నాయి. రెండే ఉండాలి కదా అనుకుంటాం. కానీ x = 3 వేస్తే (x−1)(x+1) అంటే 2 × 4 = 8, అంటే సున్నా. రెండింట్లో ఏదీ సున్నా కాకుండానే లబ్ధం సున్నా అయిపోయింది. ప్రధాన సంఖ్య దగ్గర ఈ మోసం కుదరదు. p రెండు సంఖ్యల లబ్ధాన్ని భాగిస్తే, ఏదో ఒకదాన్ని భాగించి తీరాలి. అందుకే బహుపది నుంచి ఒక మూలానికి ఒక (x − r) తీసేస్తే, మిగతా మూలాలన్నీ మిగిలిన చిన్న బహుపదిలోనే ఉండాలి. అలా తీస్తూ పోతే డిగ్రీ d ఉన్నదానికి d కంటే ఎక్కువ మూలాలు ఉండవు.

"ఇంతే మామా. మిగతాదంతా ఇందులోంచే వస్తుంది" అన్నాడు. నాకైతే రాలేదు. ఇంకో అరగంట పట్టింది.

40 అంటే 8 × 5. ముందు x^20 = 1 తీసుకోండి. దానికి 20 మూలాలకు మించి ఉండవు. మన దగ్గర 40 సంఖ్యలున్నాయి. కాబట్టి a^20 ≠ 1 అయ్యే a ఒకటి ఉండి తీరాలి. 2 కాదు. 3 వేస్తే 3^20 = (−1)^5 = −1, సరిపోయింది. ఇప్పుడు దాన్ని 40/8 = 5వ ఘాతానికి ఎత్తితే 38. ఫెర్మా చెప్పినట్టు ఏ సంఖ్యకైనా 40వ ఘాతం 1 కాబట్టి 38^8 = 1. కానీ 38^4 అంటే 3^20, అది 1 కాదు. కాబట్టి 38 ఆర్డర్ కచ్చితంగా 8. (ఆ అమ్మాయి స్క్రీన్ మీద వచ్చిన 38 ఇదే!) అలాగే x^8 = 1కి ఎనిమిది మూలాలకు మించి లేవు. 2^8 = 256 = 10, 1 కాదు. అది ఇప్పటికే 40/5వ ఘాతం కాబట్టి 10 ఆర్డర్ 5. నమ్మకం లేకపోతే చూసుకోండి, 99,999 అంటే 41 × 2439, కాబట్టి 10^5 = 1.

ఇప్పుడు రెంటినీ గుణించాలి. 38 × 10 = 380, 41తో భాగిస్తే శేషం 11. 11^n = 1 అనుకుందాం. రెండువైపులా 5వ ఘాతానికి ఎత్తితే 10 వాటా మాయమవుతుంది, 38^(5n) = 1 మిగులుతుంది. అంటే 8 అనేది 5nని భాగించాలి, 5తో దానికి సంబంధం లేదు గనక nనే భాగించాలి. 8వ ఘాతానికి ఎత్తితే ఇలాగే 5 కూడా nని భాగించాలి. కాబట్టి n కనీసం 40. అంటే 11 ప్రిమిటివ్ రూట్.

ఇందులో 41 అనే అంకె ఎక్కడా ప్రత్యేకంగా వాడలేదు. ఏ ప్రధాన సంఖ్యకైనా p−1ని ముక్కలు చేసి, ముక్కకొక సంఖ్య వెతికి, గుణించడమే. గౌస్ 1801 నాటి పుస్తకంలో ఇచ్చిన రుజువుల్లో ఒకటి ఈ దారిదే. రుజువే వంటకం కూడా అవ్వడం నాకు తెగ నచ్చేసింది.

ల్యాబ్‌లో మాత్రం ఇంత అక్కర్లేదు. ఆర్డర్ ఎప్పుడూ 40ని భాగిస్తుంది. అది 40 కాకపోతే 20నో 8నో భాగించక తప్పదు. కాబట్టి ప్రతి gకీ ఈ రెండు ఘాతాలు చూస్తే చాలు:

```
p = 41
for g in range(2, p):
    if pow(g, 20, p) != 1 and pow(g, 8, p) != 1:
        print(g)
        break
```

6 వస్తుంది. 2, 3, 4, 5 నాలుగూ ఫెయిల్. అయినా వెతుకులాట ఎక్కువసేపు పట్టదు, 40 సంఖ్యల్లో 16 ప్రిమిటివ్ రూట్లే. g^40 = 1 వచ్చిందని సంబరపడకండి, అది అందరికీ వస్తుంది. మూడో ఆర్గ్యుమెంట్ వదిలేసి pow(g, 20) % p అని రాస్తే జవాబు సరిగ్గానే వస్తుంది గానీ, p పెద్దదైతే ప్రోగ్రామ్ కదలదు.

ఇదంతా ఆ అమ్మాయికి వాయిస్ నోట్‌లో చెప్పాను. విని ఒక్కటే అడిగింది: "p వందల అంకెలుంటే p−1 కారణాంకాలు ఎలా కనుక్కుంటాం అన్నా?"

కనుక్కోలేం. కారణాంకాలు తెలియకపోతే ఏ ఘాతాలు చూడాలో కూడా తెలియదు. అందుకే తిరగేసి చేస్తారు. ముందే ఒక ప్రధాన సంఖ్య q పట్టుకుని, 2q + 1 కూడా ప్రధానం అయ్యేదాకా వెతికి, దాన్నే p అంటారు. అప్పుడు p−1 ముక్కలు 2, q మాత్రమే. ఉదాహరణకి 23 నుంచి 47. g^2, g^23 చూస్తే చాలు. ఇంతకీ 47కి 2 పనిచేస్తుందేమోనని ఆశగా వేసి చూశాను. 2^23 = 1. 3 కూడా ఫెయిలే. 5 పనిచేసింది.

పీడీఎఫ్‌లో ఆ లైన్ కొట్టేసి, పై కోడ్ పెట్టి మళ్లీ గ్రూపులో వేశాను. పాతది ఇంకా ఎంతమంది ఫోన్లలో ఉందో.