మూడు తేదీలు అడిగిన ఉత్తరం

టీవీ కొన్న రోజు మన చేతికి వచ్చేది బిల్లు మాత్రమే. టీవీ తర్వాత వస్తుంది. ఎప్పుడు అనేది ఆ బిల్లులో ఉండదు.

మా నాన్న ఫిబ్రవరి 12న దగ్గర్లోని టౌన్‌లో ఒక షాపులో 43 అంగుళాల టీవీ కొన్నారు. డబ్బు మొత్తం కట్టేశారు. "రెండ్రోజుల్లో పంపిస్తాం సార్" అన్నారట. నాలుగో రోజు ఫోన్ చేస్తే "రేపు", ఆరో రోజు చేస్తే "కంపెనీ వాళ్ళు కాల్ చేస్తారు". ఇది మిర్చి కోతల సీజన్. కల్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ "రేపు" నమ్మి నాన్న రెండు రోజులు కల్లం వదిలేసి ఇంట్లో కూర్చున్నారు. మా నానమ్మ అయితే పాత టీవీ తీసేసిన బల్లని రోజూ తుడుస్తూనే ఉంది.

హాస్టల్ నుంచి నేను షాపుకి ఫోన్ చేశాను. పది నిమిషాలు మాట్లాడాక అసలు చిక్కు అర్థమైంది. మనం "టీవీ ఎప్పుడొస్తుంది?" అని ఒకటే ప్రశ్న అడుగుతాం. కానీ అందులో మూడు పనులున్నాయి. పెట్టె ఇంటికి చేర్చేది షాపు వాళ్ళ బండి. బిగించేది కంపెనీ సర్వీస్ సెంటర్ టెక్నీషియన్. ఎలా వాడాలో చూపించడం, అంటే డెమో, అతని పనే. కాకపోతే అడక్కపోతే రెండు నిమిషాల్లో ముగించి వెళ్ళిపోతాడు. డెలివరీ అయ్యాకే ఇన్‌స్టలేషన్ రిక్వెస్ట్ నమోదు చేస్తామని షాపు అతను చెప్పాడు. అందుకే ఒకరిని అడిగితే ఇంకొకరి పేరు చెబుతున్నారు.

అప్పుడే నాన్న పేరు మీద ఈ ఉత్తరం రాశాను.

*మేనేజర్ గారికి,*

*ఫిబ్రవరి 12న మీ షాపులో 43 అంగుళాల టీవీ కొన్నాను. బిల్లు కాపీ జతచేశాను. పూర్తి సొమ్ము చెల్లించాను. ఈ రోజు 19వ తేదీ, టీవీ ఇంకా అందలేదు.*

*దయచేసి ఈ మూడూ విడివిడిగా తెలియజేయండి: 1. డెలివరీ తేదీ, సమయం. 2. ఇన్‌స్టలేషన్ తేదీ, రిక్వెస్ట్ నంబరు. 3. డెమో అదే రోజు ఇస్తారా, లేక వేరే రోజా?*

*మధ్యాహ్నం 2 తర్వాత ఏ రోజైనా ఇంట్లో ఉంటాం. టీవీని ఇటుక గోడకి బిగించాలి. వాల్ మౌంట్ స్టాండు ధరలో కలిసి ఉందా, విడిగా కొనాలా చెప్పండి. డెమోలో మా కేబుల్ సెట్‌టాప్ బాక్సు కలిపి, రిమోట్‌తో దానికి మారడం మా అమ్మగారికి చూపించాలి.*

*ఇంటి గుర్తు: రామాలయం వెనక వీధి, నీళ్ళ ట్యాంకు ఎదురుగా. 22వ తేదీలోగా జవాబు ఇవ్వగలరు.*

ఉత్తరంలో కోపం ఒక్క మాట కూడా లేదు. కానీ తప్పించుకునే సందు కూడా లేదు. "త్వరగా పంపండి" అంటే "అలాగే సార్" అని సరిపెట్టేయొచ్చు. తేదీ అడిగితే తేదీయే చెప్పాలి. గోడ సంగతి ఎందుకంటే, స్టాండు లేకుండా టెక్నీషియన్ వస్తే ఇంకో రోజు పోతుంది. వారంటీ మామూలుగా బిల్లు తేదీ నుంచే లెక్క. అంటే మనం ఎదురుచూసిన రోజులు కూడా అందులోంచే పోతాయి. ఉత్తరాన్ని షాపు మెయిల్‌కి పంపి, ఒక కాపీ నాన్న చేత్తో ఇచ్చి, రెండో కాపీ మీద షాపు ముద్ర వేయించుకున్నారు. రేపు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పాల్సి వచ్చినా, ఎప్పుడు అడిగామో చూపడానికి ఆ ముద్ర చాలు.

మర్నాడు సాయంత్రమే షాపు నుంచి ఫోన్ వచ్చింది. 21న డెలివరీ, 22న ఇన్‌స్టలేషన్, డెమో. స్టాండు విడిగా కొనాలన్నారు. నాన్న ముందే కొని ఉంచారు.

పెట్టె వచ్చిన రోజు ఇంట్లో అందరికీ విప్పేయాలనే ఉంది. "టెక్నీషియన్ వచ్చేదాకా ముట్టుకోవద్దు, పడుకోబెట్టొద్దు, నిలబెట్టే ఉంచండి" అని నాన్నకి ఫోన్‌లో మరీ మరీ చెప్పాను. ప్యానెల్ పగులు ఆఫ్‌లో ఉన్నప్పుడు చాలాసార్లు కనపడదు. ఆన్ చేశాకే గీతలో, నల్లమచ్చో తేలుతుంది. మనమే విప్పి ఉంటే అది దారిలో పగిలిందో, మన చేతిలో పగిలిందో తేల్చడం కష్టం. అందుకే డెలివరీ రసీదు మీద "పెట్టె తెరవకుండా తీసుకున్నాం" అని రాసి సంతకం పెట్టమన్నాను. మర్నాడు విప్పుతున్నప్పుడు తమ్ముడు ఫోన్‌లో వీడియో తీశాడు. పగులేమీ లేదు.

డెమోకి ఇరవై నిమిషాలు పట్టింది. టెక్నీషియన్ వెళ్ళబోతుంటే నాన్న ఉత్తరం కాపీ తీసి డెమో గురించిన లైను చూపించారట. అతను నవ్వి, మళ్ళీ కూర్చుని, రిమోట్ నానమ్మ చేతికే ఇచ్చాడు. సెట్‌టాప్ బాక్సుకి మారడం ఆమే మూడుసార్లు చేసింది. ఇప్పుడు సీరియల్ టైముకి ఎవర్నీ పిలవట్లేదు.