అడ్వాన్సు తిరిగి అడిగే ఉత్తరం

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామాను లెక్క పెట్టుకుంటాం గానీ, ఓనరు దగ్గరున్న అడ్వాన్సు మాత్రం ఆయన మంచితనానికి వదిలేస్తాం. తర్వాత ఫోన్ల మీద ఫోన్లు, "చూద్దాంలెండి" అనే జవాబులు. హైదరాబాదులో నాలుగేళ్ళున్న ఫ్లాటు ఖాళీ చేశాక మాకూ అదే మొదలైంది. మేమిచ్చిన అడ్వాన్సు మూడు నెలల అద్దె, 48,000. ఓనరు గారు ఫోనులో చెప్పిన కోతలు ఇవీ: పెయింటింగుకు 20,000, క్లీనింగుకు 2,000, వంటింటి కుళాయికి 800, బాల్కనీ దోమల జాలీకి 900. పోగా మాకు వచ్చేది 24,300.

మావారు గొడవకి దిగుతానన్నారు. నేను ఉత్తరం రాస్తానన్నాను.

రాసే ముందు అగ్రిమెంటు తీసి చదివాను. కొన్నింటిలో "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకు ఒక నెల అద్దె మినహాయించుకుంటాం" అని ఉంటుంది. దానికి సంతకం పెట్టి ఉంటే ఇక వాదించడానికేం ఉండదు. మా దాంట్లో ఆ మాట లేదు. తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల తప్ప, అని ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెప్పేదీ ఇదే. కాబట్టి ఉత్తరమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరగాలి: ఏది అరుగుదల, ఏది మా చేతుల్లో పాడైంది?

మొదటి పేరాలో ఎవరూ కాదనలేని విషయాలే పెట్టాను. అడ్వాన్సు ఏ తేదీన, ఏ బ్యాంకు ద్వారా ఇచ్చామో, ఖాళీ చేస్తామని నెల ముందు ఏ రోజున చెప్పామో, తాళంచెవులు మూడూ ఎప్పుడు ఎవరి చేతికిచ్చామో రాశాను. కరెంటు మీటరు చివరి రీడింగు, మెయింటెనెన్సు ఏ నెల వరకు కట్టామో కూడా రాసి రసీదులు జత చేశాను.

తర్వాత గదుల వారీగా ఇల్లు ఎలా ఉందో రాశాను. అందులో కొంత ఇదీ:

"హాలు: మేము చేరినప్పుడు కొత్తగా పెయింటు వేసి ఉంది. నాలుగేళ్ళలో రంగు వెలిసింది. మేము కొట్టిన మేకుల రంధ్రాలు ఏడు, పుట్టీతో పూడ్పించాము.

పిల్లల గది: కిటికీ పక్క గోడ మీద క్రేయాన్ గీతలు ఉన్నాయి. ఇవి మా వల్లనే. ఆ ఒక్క గోడకు పెయింటరు చెప్పిన ఖర్చు 1,500 మినహాయించుకోగలరు.

వంటిల్లు: కుళాయి కారుతోంది. బోరు నీళ్ళకు లోపలి వాషరు అరిగిపోయింది. రెండో ఏడాదే మీకు మెసేజ్ పెట్టాము, దాని నకలు జత చేశాను.

బాల్కనీ: దోమల జాలీ చిరిగింది. 900 మాకు సమ్మతమే."

ఒప్పుకోవలసినవి ఒప్పుకోవడం మావారికి నచ్చలేదు. "మనమే చేతికిస్తున్నాం కదే" అన్నారు. కానీ గీతలు గోడ మీద కనబడుతూనే ఉన్నాయి. వాటిని దాస్తే మిగతా ఉత్తరాన్ని కూడా ఆయన నమ్మరు. పైగా పెయింటింగు మొత్తం మా మీద పడకుండా ఆపింది ఆ గోడే. మేము పాడుచేసింది ఒక్క గోడ, తక్కినదంతా నాలుగేళ్ళ కాలం వెలిసేలా చేసిన రంగు అని అక్కడ తేటగా తేలింది. నాలుగు నెలలకే ఖాళీ చేసి ఉంటే ఈ మాట చెల్లేది కాదు. వెలిసిన రంగు వేరు, మరకలు వేరు.

చివర్లో లెక్క: 48,000 లోంచి 1,500, 900 తీసేస్తే 45,600. పదిహేను రోజుల్లో ఫలానా ఖాతాలో వేయవలసిందిగా ప్రార్థన. ఇంతకు మించి కోత ఉంటే పనివాళ్ళ బిల్లులు చూపించమని ఒక్క వాక్యం. బెదిరింపు లేదు, లాయరు ఊసు లేదు.

స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకున్నాను. అదే ఉత్తరం ఫోటో తీసి, తాళాలిచ్చిన రోజున తీసిన గదుల ఫోటోలతో కలిపి వాట్సాప్‌లో పెట్టాను. ఆ ఫోటోలే లేకపోతే "గదుల వారీగా" రాసినదంతా మా మాట మాత్రమే అయ్యేది. ఇంట్లో చేరిన రోజున కూడా ఫోటోలు తీసుకుంటే ఇంకా మంచిది. హాలు కొత్త పెయింటుతో ఉందన్నది మా గృహప్రవేశం ఫోటోల్లో కనబడింది కాబట్టి సరిపోయింది.

పన్నెండో రోజున ఖాతాలో 43,600 పడ్డాయి. క్లీనింగు 2,000 మాత్రం ఆయన పట్టుకున్నారు. బాత్రూము టైల్సు మీద ఉప్పునీటి తెల్ల చారలు నిజంగానే వదల్లేదు, అది అరుగుదలో కాదో ఇద్దరం తేల్చుకోలేం. ఆ రెండు వేల కోసం ఇంకో ఉత్తరం రాయలేదు. "లెక్క బాగా రాశారమ్మా" అని మాత్రం ఆయన ఫోనులో అన్నారు. కొత్త ఇంటి అగ్రిమెంటులో పెయింటింగు సంగతి ఈసారి సంతకానికి ముందే మాట్లాడుకున్నాం.